షేర్ల పబ్లిక్ ఇష్యూ ప్రాస్పెక్టస్‌ను చదవడం

ప్రాస్పెక్టస్ అనగా ఒక కంపెనీ తన షేర్లను మొదటిసారిగా ప్రజలకు అమ్మదలచినప్పుడు చట్టప్రకారం ప్రచురించవలసిన వివరాల గ్రంథము. ఇంటర్మీడియట్ వాణిజ్యశాస్త్ర పాఠ్యపుస్తకాలలో దీనిని పరిచయ పత్రము అన్నారు. పేరు పత్రమే గాని నేటి ప్రాస్పెక్టస్‌లు మూడు నాలుగు వందల పుటలకు తక్కువ ఉండవు. కంపెనీ ఎప్పుడు పుట్టింది, దానిని నడిపించే ప్రమోటర్లు ఎవరు, ప్రజలనుండి వసూలు చేసే సొమ్ము ఎక్కడికి పోతుంది, ఏయే కారణాలవలన వ్యాపారం దెబ్బతినవచ్చును అన్న విషయాలను కంపెనీయే స్వయంగా, తప్పు చెబితే శిక్షకు లోబడి, రాసి ఇచ్చే పత్రం ఇది ఒక్కటే.

ఈ వ్యాసంలో మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా శామీర్‌పేట మండలం తుర్కపల్లిలో రిజిస్టర్డ్ కార్యాలయం ఉన్న సాయి లైఫ్ సైన్సెస్ లిమిటెడ్ 2024 డిసెంబరులో చేసిన పబ్లిక్ ఇష్యూను ప్రధాన ఉదాహరణగా తీసుకొని, ప్రాస్పెక్టస్‌ను ఎక్కడ మొదలుపెట్టి ఎలా చదవాలో వివరించడమైనది. అవసరమైనచోట ఇదే జిల్లాలోని మరి రెండు కంపెనీల సంగతి కూడా వస్తుంది. ఏ షేరునైనా కొనమని గాని మానమని గాని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

## ఒకే పత్రం, మూడు రూపాలు

ప్రాస్పెక్టస్ మూడు దశలలో వెలువడుతుంది. మొదట కంపెనీ ఒక ముసాయిదాను సెబీకి, అనగా భారత సెక్యూరిటీల నియంత్రణ సంస్థకు, సమర్పిస్తుంది. దీనిని డ్రాఫ్ట్ రెడ్ హెరింగ్ ప్రాస్పెక్టస్ అంటారు. ఇది sebi.gov.in లోను, స్టాక్ ఎక్స్ఛేంజీల సైట్లలోను అందరికీ అందుబాటులో ఉంటుంది. దీనిమీద కనీసం 21 రోజులపాటు ఎవరైనా అభ్యంతరాలు తెలుపవచ్చును. సెబీ ప్రశ్నలకు జవాబులు చెప్పి, లెక్కలను తాజాపరచి, కంపెనీల రిజిస్ట్రారు వద్ద దాఖలు చేసేది రెడ్ హెరింగ్ ప్రాస్పెక్టస్. దరఖాస్తులు స్వీకరించేది దీని ఆధారంగానే. ఇష్యూ ముగిసి, ధర ఖరారైన తరువాత వచ్చేది అసలైన ప్రాస్పెక్టస్.

రెడ్ హెరింగ్ ప్రాస్పెక్టస్ తెరవగానే పాఠకునికి ఒక వింత కనబడుతుంది. ధర ఉండవలసిన చోట, షేర్ల సంఖ్య ఉండవలసిన చోట చదరపు బ్రాకెట్లలో ఒక నల్లచుక్క ఉంటుంది. అది అచ్చుతప్పు కాదు. ధర అప్పటికి నిర్ణయం కాలేదని దాని అర్థం. ధరల శ్రేణిని ఇష్యూ తెరవడానికి కనీసం రెండు పనిదినాల ముందు ఒక ఆంగ్ల దినపత్రికలో, ఒక హిందీ దినపత్రికలో, రిజిస్టర్డ్ కార్యాలయం ఉన్న ప్రాంతపు భాషలోని దినపత్రికలో ప్రకటించాలి. కార్యాలయం తుర్కపల్లిలో ఉంటే ఆ మూడవది తెలుగు పత్రిక. పత్రం మొత్తం ఆంగ్లంలో ఉన్నా ఈ ఒక్క ప్రకటన తెలుగులో వస్తుంది కాబట్టి దానిని దాచి ఉంచుకోవడం మంచిది.

దరఖాస్తుతో పాటు ఇచ్చే సంక్షిప్త ప్రాస్పెక్టస్ కూడా ఒకటి ఉన్నది. అది కొద్ది పుటల పత్రం. అందులో ముఖ్యమైన రిస్కులు మాత్రమే ఉంటాయి, వాటిని ఎంపిక చేసేది కంపెనీవారే. అందుచేత దానిని విషయసూచికగా వాడుకోవచ్చును గాని దానితో సరిపెట్టుకోరాదు.

ముసాయిదాను, తుది రూపాన్ని పక్కపక్కన పెట్టి చూడడం చాలామంది చేయని పని. సాయి లైఫ్ సైన్సెస్ 2024 జులైలో సమర్పించిన ముసాయిదాలో కంపెనీ కొత్తగా జారీ చేసే షేర్ల విలువ 800 కోట్ల రూపాయలు, పాత వాటాదారులు అమ్మే షేర్లు సుమారు 6.15 కోట్లు. డిసెంబరులో వచ్చిన పత్రానికి ఈ అంకెలు మారాయి. కొత్త జారీ 950 కోట్లకు పెరిగింది, పాతవారు అమ్మే షేర్లు 3,81,16,934కు తగ్గాయి. అంటే ఐదు నెలల వ్యవధిలో కంపెనీకి వచ్చే భాగం పెరిగి, బయటకు పోయే భాగం తగ్గింది. ఇది మదుపరికి అనుకూలమైన మార్పు. కొన్ని ఇష్యూలలో దీనికి వ్యతిరేక దిశలో కూడా మార్పు జరుగుతుంది. ముసాయిదాను మాత్రమే చదివి దరఖాస్తు చేసినవారికి ఆ సంగతి తెలియదు.

## మన డబ్బు ఎక్కడికి పోతుంది

పుటల వరుసలో చదివితే చాలామంది యాభైవ పుట దాటరు. మొదట చూడవలసినది "ఆబ్జెక్ట్స్ ఆఫ్ ది ఆఫర్" అనే అధ్యాయం. వసూలైన సొమ్మును దేనికి వాడతారో అందులో ఉంటుంది.

పబ్లిక్ ఇష్యూలో రెండు రకాల షేర్లు కలిసి ఉండవచ్చును. కంపెనీ కొత్తగా సృష్టించి అమ్మేవి మొదటి రకం. వాటి సొమ్ము కంపెనీ ఖాతాకు చేరుతుంది. ఇప్పటికే షేర్లు ఉన్నవారు తమ వాటాను అమ్ముకొనేది రెండవ రకం, దీనిని ఆఫర్ ఫర్ సేల్ అంటారు. ఈ సొమ్ములో కంపెనీకి ఒక్క పైసా రాదు. ఇల్లు కొన్నప్పుడు డబ్బు అమ్మినవానికి చేరుతుంది గాని ఇంటి మరమ్మతుకు చేరదు కదా, ఇదీ అంతే.

సాయి లైఫ్ సైన్సెస్ ఇష్యూ 2024 డిసెంబరు 11న తెరచి 13న మూసివేయబడినది. ధరల శ్రేణి 522 నుండి 549 రూపాయలు. ఒక దరఖాస్తుకు కనీసం 27 షేర్లు. పై ధర వద్ద ఇష్యూ మొత్తం పరిమాణం సుమారు 3,042 కోట్లు. ఇందులో కొత్త జారీ 950 కోట్లు, పాత వాటాదారుల అమ్మకం సుమారు 2,092 కోట్లు. వచ్చిన 950 కోట్లలో 720 కోట్లు అప్పులు తీర్చడానికి అని పత్రంలో చెప్పారు.

ఈ కోట్ల లెక్కను ఒక సామాన్య దరఖాస్తుదారుని లెక్కలోకి మార్చి చూద్దాం. 27 షేర్లను 549 చొప్పున కొంటే అయ్యేది 14,823 రూపాయలు. ఇష్యూలో కొత్త జారీ వాటా సుమారు 31 శాతం కాబట్టి, ఆ నిష్పత్తిలో 4,628 రూపాయలు కంపెనీకి, మిగిలిన 10,195 రూపాయలు షేర్లు అమ్ముకొన్న పాతవారికి చేరాయి. కంపెనీకి చేరిన 4,628లో దాదాపు 3,508 రూపాయలు బ్యాంకుల అప్పుకు పోయాయి. ఇతర అవసరాలకు మిగిలినది 1,120 రూపాయలు, అందులోనుండి ఇష్యూ ఖర్చులలో కంపెనీ వాటా పోవాలి. "ఈ ఇష్యూ సొమ్ముతో కంపెనీ కొత్త ప్లాంటు కడుతున్నది" అని ఎవరైనా చెబితే, ఈ ఒక్క కూడిక తీసివేతతో అది నిజమో కాదో తేలిపోతుంది.

అప్పు తీర్చడం చెడ్డ పని ఏమీ కాదు. ఊహకు 9 శాతం వడ్డీ అనుకుంటే 720 కోట్లమీద ఏడాదికి సుమారు 65 కోట్ల వడ్డీ మిగులుతుంది. అయితే తరువాతి సంవత్సరాల లాభంలో ఈ భాగం వ్యాపారం పెరిగినందువలన వచ్చినది కాదని, వాటాదారుల సొమ్ముతో వడ్డీ ఆగినందువలన వచ్చినదని గుర్తుంచుకోవాలి.

అప్పు పోను మిగిలిన 230 కోట్లు "సాధారణ కార్పొరేట్ అవసరాలు" అనే పద్దు కిందకు వస్తాయి, ఖర్చులు పోను ఇంకా తక్కువ. ఈ పద్దు కింద ఏమైనా చేయవచ్చును, అందుకే దీనికి సెబీ నిబంధనలలో పరిమితి ఉన్నది. కంపెనీ సేకరించే సొమ్ములో నాలుగవ వంతు మించరాదు. 950లో నాలుగవ వంతు 237.5 కోట్లు. ఈ పద్దు పరిమితికి ఎంత దగ్గరగా ఉంటే, ఆ సొమ్ముపై కంపెనీకి నిర్దిష్టమైన ప్రణాళిక అంత తక్కువగా ఉన్నదని అనుకోవచ్చును.

## ఎవరు అమ్ముతున్నారు, ఎంతకు కొన్నారు

ముఖపత్రంపై అమ్మకందారుల పట్టిక ఉంటుంది. సాయి లైఫ్ సైన్సెస్ విషయంలో ఎక్కువ షేర్లు అమ్మినది టీపీజీ ఏషియా అనే పెట్టుబడి సంస్థ. ఇది 2018లో కంపెనీలో ప్రవేశించింది. ప్రమోటరు సంస్థలలో ఒకటైన సాయి క్వెస్ట్ సిన్ కూడా కొంత అమ్మింది. పెట్టుబడి సంస్థలకు తమ నిధులకు గడువు ఉంటుంది, గడువు దగ్గరపడితే మంచి కంపెనీ నుండి కూడా బయటకు రావలసిందే. కాబట్టి వారి అమ్మకాన్ని చూసి బెదరనవసరం లేదు. ప్రమోటర్లు ఎంత అమ్ముతున్నారు, అమ్మిన తరువాత వారికి ఎంత మిగులుతుంది అన్నది చూడాలి. ఈ కంపెనీలో ఇష్యూ తరువాత ప్రమోటర్లకు, వారి వర్గానికి మిగిలినది మూడవ వంతుకు కాస్త ఎక్కువ.

అమ్మేవారికి ఆ షేరు సగటున ఎంత పడిందో కూడా ప్రాస్పెక్టస్‌లో ఇవ్వాలి. దీనిని "వెయిటెడ్ యావరేజ్ కాస్ట్ ఆఫ్ అక్విజిషన్" అనే శీర్షిక కింద ఇస్తారు. కంపెనీని స్థాపించినవారికి అది కొన్ని రూపాయలే ఉంటుంది, బోనస్ షేర్లు తీసుకొని ఉంటే కొన్నిసార్లు సున్నాయే ఉంటుంది. పాతికేళ్ళు శ్రమించినవారికి అలా ఉండడం సహజం. అనుమానించవలసినది వేరే ఉన్నది. "క్యాపిటల్ స్ట్రక్చర్" అధ్యాయంలో కంపెనీ పుట్టినప్పటినుండి ఎవరికి ఏ తేదీన ఏ ధరకు షేర్లు ఇచ్చారో వరుసగా ఉంటుంది. ఇష్యూకు ఏడాది లోపల, ఇష్యూ ధరలో సగానికో నాలుగవ వంతుకో, కొత్త పేర్లకు షేర్లు ఇచ్చి ఉంటే, ఆ కొద్ది నెలలలో కంపెనీ విలువ ఎందుకు అంత పెరిగిందో పత్రంలో కారణం కనబడాలి. కనబడకపోతే ఆ పేర్లు ప్రమోటర్ల అధ్యాయంలో గాని సంబంధిత పార్టీల లావాదేవీలలో గాని ఉన్నాయేమో వెదకాలి. ఈ పట్టిక చదవడానికి విసుగు పుట్టిస్తుంది. అయినా ఈ వ్యాసకర్త అభిప్రాయంలో మొత్తం గ్రంథంలో అబద్ధమాడటం అతి కష్టమైన పుటలు ఇవే, ఎందుకంటే ప్రతి పంక్తికీ రిజిస్ట్రారు వద్ద ఒక పాత దాఖలా ఉంటుంది.

## స్థాపకుడు వేరు, ప్రమోటరు వేరు

వాడుకలో కంపెనీని స్థాపించినవారినే ప్రమోటరు అంటాము. 2013 కంపెనీల చట్టం సెక్షను 2(69) ప్రకారం ప్రమోటరు అంటే ప్రాస్పెక్టస్‌లో గాని వార్షిక రిటర్నులో గాని ఆ పేరుతో పేర్కొనబడినవారు, లేదా కంపెనీ వ్యవహారాలపై అదుపు ఉన్నవారు, లేదా ఎవరి సలహాలు, ఆదేశాల మేరకు డైరెక్టర్లు నడుచుకొంటారో వారు. వృత్తిరీత్యా సలహా ఇచ్చే ఆడిటర్లు, న్యాయవాదులు ఇందులోకి రారు.

ఈ తేడాకు మన జిల్లాలోనే మంచి ఉదాహరణ ఉన్నది. దుండిగల్ వద్ద ఉన్న గ్లాండ్ ఫార్మాను 1978లో పి.వి.ఎన్.రాజు స్థాపించారు. 2017లో చైనాకు చెందిన ఫోసన్ సంస్థ సుమారు 74 శాతం వాటాను కొన్నది. 2020 నవంబరులో 1,490 నుండి 1,500 రూపాయల ధరల శ్రేణిలో పబ్లిక్ ఇష్యూ వచ్చినప్పుడు ప్రాస్పెక్టస్‌లో ప్రమోటర్లుగా కనబడినవి ఫోసన్ సంస్థలే. ఊరివారికి అది రాజుగారి కంపెనీ, పత్రంలో మాత్రం అది చైనా మాతృసంస్థ గల కంపెనీ. ఈ తేడా ఉత్తమాట కాదు. 2020 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం, భారత్‌తో భూసరిహద్దు గల దేశాలనుండి వచ్చే పెట్టుబడులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసినది. దీనివలన కలిగే ఇబ్బంది ప్రమోటరు ఎవరన్నదానిపైననే ఆధారపడి ఉంటుంది. అందుచేత రిస్కుల అధ్యాయానికి ముందు ప్రమోటర్ల అధ్యాయం చదవాలి.

సాయి లైఫ్ సైన్సెస్ ప్రాస్పెక్టస్‌లో ప్రమోటర్లుగా కనుమూరి రంగరాజు, కనుమూరి కృష్ణంరాజు, కనుమూరి మైత్రేయి అనే వ్యక్తులతో పాటు సాయి క్వెస్ట్ సిన్ అనే కంపెనీ, మారిగోల్డ్ పార్ట్‌నర్స్, లిల్లీ పార్ట్‌నర్స్, తులిప్ పార్ట్‌నర్స్ అనే భాగస్వామ్య సంస్థలు ఉన్నాయి. ఇటువంటి పేర్లు కనబడితే ఆగిపోకుండా "అవర్ ప్రమోటర్స్ అండ్ ప్రమోటర్ గ్రూప్" అధ్యాయానికి వెళ్ళాలి. ఆ సంస్థలలో భాగస్వాములు ఎవరు, అవి ఏ వ్యాపారం చేస్తున్నాయి అన్నది అక్కడ ఉంటుంది. వ్యక్తుల విషయంలో చదువు, అనుభవం, వారు డైరెక్టర్లుగా ఉన్న ఇతర కంపెనీలు ఉంటాయి. ఆ ఇతర కంపెనీలు ఇదే వ్యాపారం చేస్తున్నవా అన్నది తప్పక చూడాలి. ఒకే పని చేసే సొంత కంపెనీ ఒకటి బయట ఉంటే, లాభసాటి ఆర్డరు ఎటు పోతుందో చెప్పలేము.

కంపెనీ గత చరిత్రకు ఒక చిన్న తాళంచెవి ముఖపత్రం మీదనే ఉన్నది. అది 21 అక్షరాల కార్పొరేట్ గుర్తింపు సంఖ్య. మొదటి అక్షరం యు అయితే ఇంకా ఎక్స్ఛేంజీలో నమోదు కానిది, ఎల్ అయితే నమోదైనది. తరువాతి ఐదు అంకెలు పరిశ్రమను, ఆపై రెండు అక్షరాలు రాష్ట్రాన్ని, ఆపై నాలుగు అంకెలు పుట్టిన సంవత్సరాన్ని తెలుపుతాయి. సాయి లైఫ్ సైన్సెస్ సంఖ్యలో సంవత్సరం 1999, రాష్ట్రం టీజీ. 1999లో తెలంగాణ రాష్ట్రం లేదు కదా అని విద్యార్థులు అడగవచ్చును. రాష్ట్ర విభజన తరువాత సంకేతం మార్చబడినది, పుట్టిన సంవత్సరం మారలేదు. ఇదే విధంగా 2016 అక్టోబరుకు ముందటి పత్రాలలో మేడ్చల్, శామీర్‌పేటల చిరునామాలు రంగారెడ్డి జిల్లాలో ఉంటాయి. అందుచేత పాత దాఖలాలు వెదికేటప్పుడు జిల్లా పేరును రెండు విధాలుగా ప్రయత్నించాలి. కంపెనీ పేరును ఎన్నిసార్లు మార్చారు, ఎందుకు మార్చారు అన్నది "హిస్టరీ అండ్ సర్టెన్ కార్పొరేట్ మ్యాటర్స్" అధ్యాయంలో ఉంటుంది. పేరుతో పాటు వ్యాపారం కూడా మారి ఉంటే కొత్త వ్యాపారంలో వారి అనుభవం ఎన్నేళ్ళో లెక్క వేసుకోవాలి.

## రిస్కుల అధ్యాయంలో గింజా పొల్లూ

"రిస్క్ ఫ్యాక్టర్స్" అధ్యాయంలో యాభై అరవై అంశాలు ఉండడం మామూలే. వీటిలో సగానికి పైగా ఏ కంపెనీకైనా వర్తించేవి. యుద్ధం రావచ్చును, రూపాయి విలువ పడిపోవచ్చును, కీలకమైన ఉద్యోగులు మానివేయవచ్చును అని రాస్తారు. న్యాయవాదులు రేపు ఎవరూ తమను తప్పుపట్టకుండా రాసుకొనే మాటలివి. వీటి మధ్యలో ఆ కంపెనీకి మాత్రమే చెందిన పది అంశాలు ఉంటాయి. వాటిని వేరుచేయడానికి రెండు గుర్తులు ఉన్నాయి.

మొదటిది, అంకె ఉన్న రిస్కు. "మా ఖాతాదారులు తగ్గితే నష్టం రావచ్చును" అన్నది పొల్లు. "మొదటి ఐదుగురు ఖాతాదారులనుండి మా ఆదాయంలో ఇంత శాతం వచ్చింది" అని మూడేళ్ళ పట్టికతో ఉన్నది గింజ. రెండవది, క్రియాపదం. "జరగవచ్చును" అన్న వాక్యం వేరు, "గతంలో జరిగింది" అన్న వాక్యం వేరు. తనిఖీలో లోపాలు బయటపడవచ్చును అన్న వాక్యం అన్ని మందుల కంపెనీల పత్రాలలోనూ ఉంటుంది. ఫలానా నెలలో ఫలానా ప్లాంటులో లోపాలు బయటపడ్డాయి అన్న వాక్యం కొన్నిటిలోనే ఉంటుంది. అంశాలను ప్రాముఖ్యాన్ని బట్టి అమర్చాలన్నది నిబంధన కాబట్టి మొదటి పది అంశాలలో ఇటువంటివి ఎక్కువగా దొరుకుతాయి.

సాయి లైఫ్ సైన్సెస్ స్వంత మందులు అమ్మే కంపెనీ కాదు. కొత్త మందులను కనిపెట్టే విదేశీ సంస్థలకు పరిశోధన చేసిపెట్టి, ఆ మందుల ముడిపదార్థాలను తయారుచేసి ఇచ్చే కంపెనీ. 2023-24లో 280కి పైగా సంస్థలకు సేవలందించినట్లు పత్రంలో చెప్పారు. పరిశోధన ఎక్కువ భాగం శామీర్‌పేట దగ్గర, తయారీ ఎక్కువ భాగం కర్ణాటకలోని బీదరులో. ఈ వర్ణనను అర్థం చేసుకొంటే రిస్కులు వాటంతట అవే తెలుస్తాయి. ఖాతాదారు పరీక్షిస్తున్న మందు రోగులపై పనిచేయకపోతే ఇక్కడ ఆర్డరు ఆగుతుంది, ఇందులో కంపెనీ తప్పేమీ ఉండదు. బీదరు ప్లాంటుకు ఏదైనా అయితే దాని బదులు నిలబడే ప్లాంటు ఉన్నదా అన్నది వెదకాలి. ఆదాయం డాలర్లలో, జీతాలు రూపాయలలో. అందుకని వ్యాపార వర్ణన అధ్యాయాన్ని మొదట చదివి, తనంతట తాను నాలుగు రిస్కులు రాసుకొని, తరువాత కంపెనీ రాసినవాటితో సరిచూసుకోవడం మంచి పద్ధతి. విద్యార్థులకు ఇది పరీక్షలో తమ జవాబును సరిచూసుకొన్నట్లు ఉంటుంది.

అంకె ఉన్న రిస్కు ఎంత విలువైనదో బాలానగర్‌లోని ఎంటార్ టెక్నాలజీస్ కథ చెబుతుంది. అణువిద్యుత్ కేంద్రాలకు, ఇస్రోకు సూక్ష్మమైన విడిభాగాలు చేసే ఈ కంపెనీ 2021 మార్చి 3 నుండి 5 వరకు, పైధర 575 రూపాయలతో సుమారు 596 కోట్ల ఇష్యూ చేసింది. ఇష్యూ సుమారు రెండు వందల రెట్లు అమ్ముడుపోయింది. పత్రికలన్నీ చంద్రయానం గురించి రాశాయి. ప్రాస్పెక్టస్ మాత్రం అమెరికాలోని బ్లూమ్ ఎనర్జీ అనే ఒక్క ఖాతాదారునిపై కంపెనీ అధికంగా ఆధారపడి ఉన్నదని చెప్పింది. 2019-20 ఆదాయంలో సగానికి మించి ఆ ఒక్కరిదే. కొన్నాళ్ళు ఆ ఖాతాదారు వలననే కంపెనీ వేగంగా పెరిగింది. తరువాత ఆ ఖాతాదారు ఆర్డర్లను వాయిదా వేసినప్పుడు 2023-24లో ఆదాయం దాదాపు అక్కడే ఆగి, లాభం ముందు సంవత్సరపు 103 కోట్ల నుండి సుమారు 56 కోట్లకు పడిపోయింది. మూడేళ్ళ ముందు పత్రంలో రాసిన రిస్కే ఇది. దానిని చదివినవారు షేరు కొనకుండా ఉండాలని కాదు, ఎంటార్ షేరు కొంటే బ్లూమ్ ఎనర్జీ వార్తలు కూడా చదవాలని వారికి తెలిసి ఉండేది.

మేడ్చల్ ప్రాంతంలోని రసాయనాల, మందుల కంపెనీల విషయంలో చదవదగినది "గవర్నమెంట్ అండ్ అదర్ అప్రూవల్స్" అధ్యాయం. కాలుష్య నియంత్రణ మండలి అనుమతుల గడువు ఎప్పటివరకు, పునరుద్ధరణకు దరఖాస్తు చేసి ఎదురుచూస్తున్నవి ఏవి అన్న జాబితా అక్కడ ఉంటుంది. కోర్టు వ్యాజ్యాలకు వేరే అధ్యాయం ఉన్నది. దానిని చదివేటప్పుడు ఒక మెలిక గమనించాలి. క్రిమినల్ కేసులన్నీ చెప్పవలసిందే. సివిల్ వ్యాజ్యాలలో మాత్రం ఎంత మొత్తం దాటినవి "ముఖ్యమైనవి" అన్న హద్దును కంపెనీ బోర్డే ఒక విధానంగా పెట్టుకొంటుంది. ఆ హద్దు అంకెను అధ్యాయం మొదటి పేరాలోనే చూసుకోవాలి.

## లెక్కలు, ధర

లెక్కల అధ్యాయం మూడు సంవత్సరాలది ఉంటుంది. గణాంకశాస్త్రం తెలియనివారు కూడా రెండు వరుసలు చూడగలరు. సాయి లైఫ్ సైన్సెస్ ఆదాయం 2021-22లో సుమారు 870 కోట్లు, మరుసటి ఏడు 1,217 కోట్లు, 2023-24లో 1,465 కోట్లు. నికరలాభం ఇదే వరుసలో సుమారు 6 కోట్లు, 10 కోట్లు, 83 కోట్లు. చివరి ఏడాది ఆదాయం ఐదవ వంతు పెరిగితే లాభం ఎనిమిది రెట్లయింది. ఇటువంటిచోట సంతోషం కంటే ముందు ప్రశ్న రావాలి. ప్లాంటు, జీతాలు, వడ్డీ వంటి స్థిర ఖర్చులు ఎక్కువగా ఉన్న వ్యాపారంలో కొద్దిపాటి అదనపు ఆదాయం నేరుగా లాభంలోకి దిగుతుంది. ఇదే తర్కం తిరగబడితే కొద్దిపాటి తగ్గుదల కూడా లాభాన్ని మింగివేస్తుంది. కారణం ఇదేనా, లేక ఏదైనా ఆస్తి అమ్మగా వచ్చిన ఒకసారి లాభమా అన్నది "మేనేజ్‌మెంట్స్ డిస్కషన్" అధ్యాయంలో ఖర్చుల వరుసలు చూసి తేల్చుకోవాలి.

పై ధర 549 వద్ద కంపెనీ మొత్తం విలువ సుమారు 11,400 కోట్లు. దానిని 83 కోట్లతో భాగిస్తే ధర లాభానికి సుమారు 138 రెట్లు. ప్రకటనలో ఇచ్చే నిష్పత్తి దీనికంటే తక్కువగా కనబడవచ్చును, ఎందుకంటే అందులో కొత్త షేర్లు చేరకముందటి పాత సంఖ్యతో లెక్క వేస్తారు. ఇంత నిష్పత్తి అంటే కొనేవారు నిన్నటి లాభానికి కాక రేపటి లాభానికి ధర ఇస్తున్నారని అర్థం. ఈ కంపెనీలో 2024-25 లాభం సుమారు 170 కోట్లకు పెరిగింది. దానితో అదే 549 ధర 67 రెట్లకు దిగింది. ఊహ ఫలించింది గాని, ఊహ ఫలిస్తుందని ప్రాస్పెక్టస్‌లో ఎక్కడా రాసి లేదు. భవిష్యత్తు లాభాల అంచనాలు అందులో ఉండవు. ఎవరైనా రాబోయే లాభాల అంకెలు చెబుతుంటే అవి ఈ పత్రంలోనివి కావు.

చిన్న మదుపరులకు కేటాయించిన వాటా కూడా ఒక సంకేతమే. మామూలుగా అది 35 శాతం. నిబంధనల ప్రకారం గత మూడేళ్ళలో సగటున 15 కోట్ల నిర్వహణ లాభం వంటి అర్హతలు లేని కంపెనీలు 75 శాతం పెద్ద సంస్థలకే కేటాయించాలి, చిన్న మదుపరులకు 10 శాతమే ఇవ్వగలవు. ముఖపత్రంలో 10 శాతం కనబడితే కారణం అదే.

## పత్రం చెప్పనివి

సెబీ ప్రాస్పెక్టస్‌ను ఆమోదించినట్లు కాదని, అందులోని విషయాలకు పూచీ పడదని ప్రతి పత్రంలోను పెద్ద అక్షరాలలో ఉంటుంది. వివరాలు చెప్పించడమే ఆ సంస్థ పని, ధర సబబో కాదో తేల్చడం కాదు. అబద్ధం రాసినవారికి కంపెనీల చట్టంలో సెక్షను 34 కింద నేరశిక్ష, సెక్షను 35 కింద నష్టపరిహారం ఉన్నాయి. ఇవి డైరెక్టర్లకు, ప్రమోటర్లకు, తమ పేరుతో అభిప్రాయం ఇచ్చిన నిపుణులకు కూడా వర్తిస్తాయి. అయితే పత్రంలో ఉన్నదానిని చదవకుండా నష్టపోయినవారికి ఈ సెక్షన్లు పనికిరావు, ఎందుకంటే కంపెనీ చెప్పింది, వారు చదవలేదు.

1992లో ఇష్యూల ధరపై ప్రభుత్వ నియంత్రణ తొలగిన తరువాత నాలుగైదు సంవత్సరాలు రాష్ట్రంలో దరఖాస్తు ఫారాలు పాఠశాలల ఉపాధ్యాయుల గదులకు కూడా కట్టలు కట్టలుగా వచ్చేవి. వెనుకపుటలో సన్నని అక్షరాలలో సంక్షిప్త ప్రాస్పెక్టస్ ఉండేది. ఎవరమూ చదవలేదు, కళ్ళజోడు పెట్టుకొన్నా కనబడేది కాదు. ఆ కాలంలో డబ్బు సేకరించి తరువాత చిరునామాలో కనబడని కంపెనీలు దేశంలో రెండు వందలకు పైగా ఉన్నట్లు ప్రభుత్వం, సెబీ కలిసి గుర్తించాయి. వాటిని మాయమైన కంపెనీలు అనేవారు. నేటి పత్రం ఉచితంగా దొరుకుతుంది, అక్షరాలను పెద్దవి చేసుకోవచ్చును, వెదకు పెట్టెలో ప్రమోటరు పేరు టైపు చేస్తే ఆ పేరు వచ్చిన ప్రతి పుట కనబడుతుంది. మేడ్చల్, శామీర్‌పేట వాసులకు మరొక వసతి ఉన్నది. పత్రంలో రాసిన చిరునామాకు బస్సులో వెళ్ళి, అక్కడ ఏమున్నదో చూసి రావచ్చును.